"మిక్సీ ఆగిపోయింది" అనే ఫోనుకు రెండు నిమిషాల వీడియో జవాబు: స్క్రిప్టు ఎలా రాయాలి?

ప్రశ్న: మిక్సీలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్టులో పనిచేస్తున్నాను. "మిక్సీ మధ్యలో ఆగిపోయింది" అని రోజూ ఫోన్లు వస్తాయి. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితే చాలావరకు సరిపోతుంది. దీని మీద రెండు నిమిషాల్లోపు తెలుగు వీడియో చేయమన్నారు. నేను రాసిన స్క్రిప్టు పైకి చదివితే నాలుగు నిమిషాలు దాటుతోంది. ఏ ముక్క తీసేయాలన్నా అన్నీ ముఖ్యమైనవే అనిపిస్తున్నాయి. ఎలా రాయాలో చెప్పగలరా?

జవాబు:

వంటింటి సామాన్ల సర్వీసు విభాగంలో చాలా ఏళ్లు ఫోన్లు ఎత్తాను. ఆ తర్వాత ఇలాంటి వీడియోలకు స్క్రిప్టులు రాయడమే నా పని అయింది. మీ స్క్రిప్టు నేను చూడలేదు గాని, నాలుగు నిమిషాలు వచ్చిందంటే అందులో మూడు సమస్యలు కలిసిపోయి ఉంటాయని నా అనుమానం. మిక్సీ రుబ్బుతూ ఉండగా ఆగిపోవడం ఒకటి. పొద్దున స్విచ్ వేస్తే అసలు కదలకపోవడం రెండోది. మోటారు తిరుగుతున్నా జార్‌లో బ్లేడు తిరగకపోవడం మూడోది. ఫోను ఎత్తే మనకు ఈ మూడూ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. ఇంట్లో ఉన్న మనిషికి మాత్రం ఇవి మూడు వేర్వేరు రోజులు జరిగే మూడు వేర్వేరు సంఘటనలు. మీ వీడియోకు మొదటిది ఒక్కటే తీసుకోండి. అసలు కదలని మిక్సీ సంగతి చెప్పాలంటే గోడ సాకెట్‌లో కరెంటు ఉందో లేదో చూడమనాలి, ఇంకో వస్తువు పెట్టి పరీక్షించమనాలి. అది మరో వీడియో. మొదటిదానిలో దాన్ని కలిపితే ముప్పై సెకన్లు పోతాయి, ఆ ముప్పై సెకన్లూ ఈ వీడియో చూసేవారికి అక్కరలేనివి.

ఇక రాయడానికి ముందు ఆ బటన్ ఎందుకు బయటికి వస్తుందో మీకు బాగా తెలిసి ఉండాలి. వీడియోలో చెప్పడానికి కాదు. పనుల వరస ఎలా ఉండాలో ఆ కారణమే చెబుతుంది కాబట్టి.

మిక్సీ మోటారు వేగంగా తిరుగుతున్నంతసేపూ తక్కువ కరెంటుతో నడుస్తుంది. పిండి గట్టిపడి బ్లేడుకు అడ్డం పడితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ గుండా పోతుంది. దాని లోపల రెండు లోహాలు అతికించిన చిన్న రేకు ఉంటుంది. కరెంటు ఎక్కువైతే రేకు వేడెక్కి వంగుతుంది, వంగితే కరెంటు తెగిపోతుంది, బటన్ బయటికి పొడుచుకు వస్తుంది. రేకు చల్లబడి మళ్లీ నిటారుగా అయ్యే దాకా బటన్‌ను ఎంత నొక్కినా నిలవదు. ఇంకో సంగతి: మోటారును చల్లబరిచే ఫ్యాను మోటారు ఇరుసు మీదే ఉంటుంది. మోటారు నెమ్మదిస్తే ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. అంటే వేడి ఎక్కువ పుట్టే సమయంలోనే గాలి తక్కువ వీస్తుంది. గట్టి పిండిని ఒకటో నంబరు మీదే చాలాసేపు నడిపితే మిక్సీ ఆగిపోవడానికి ఇదీ ఒక కారణం. "మెల్లగానే నడిపానండీ, అయినా ఆగిపోయింది" అని ఫోన్లో చెప్పేవారు నిజమే చెబుతున్నారు.

నేను రాసిన మొదటి వీడియో మూడు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. కంపెనీ గుర్తు, నమస్కారం, మా మిక్సీ గొప్పతనం అయ్యేసరికి ఇరవై సెకన్లు. ఆ తర్వాత ప్రొటెక్టర్ అంటే ఏమిటో ఒక బొమ్మతో వివరణ. బటన్ నొక్కమని చెప్పేసరికి రెండు నిమిషాలు కావస్తోంది. ఆగమని చెప్పే మాట మాత్రం బటన్ నొక్కమన్న తర్వాత వచ్చింది: "నొక్కినా పనిచేయకపోతే పది నిమిషాలు ఆగి చూడండి" అని. ఫలితం ఏమిటంటే, వీడియో చూసినవాళ్లు వేడి మీదే బటన్ నొక్కారు, అది నిలవలేదు, "మీరు చెప్పినట్టే చేశాం, పనిచేయలేదు" అని మళ్లీ ఫోన్ చేశారు. వీడియో పెట్టాక ఫోన్లు తగ్గలేదు సరికదా, చేసేవాళ్ల కోపం పెరిగింది. తప్పు పొడవుది మాత్రమే కాదు. ఆగడం అనే పని నొక్కడం అనే పనికి ముందు రావాలి. చేతికి ఏది ముందు చెబితే చెయ్యి అదే చేస్తుంది.

ఇంకో పొరపాటు చిత్రీకరణలో జరిగింది. కెమెరా ముందు మిక్సీని పక్కకు వాల్చి బటన్ చూపిస్తున్నాం. పక్కనే ఉన్న మా పాత సర్వీసు మెకానిక్ చెయ్యెత్తి ఆపేశాడు. ప్లగ్గు సాకెట్‌లోనే ఉంది. స్విచ్ ఆపి ఉంది కదా అని మేమెవరం పట్టించుకోలేదు. ఆయన అన్నది ఒక్కటే: "చూసేవాళ్లు మీ మాట వినరు, మీ చేతులు చూస్తారు." ఆ రోజు నుంచి ప్లగ్గు బయటికి వచ్చే క్షణాన్ని దగ్గరగా తీసి, తీసిన ప్లగ్గును మిక్సీ పక్కనే, తర్వాతి దృశ్యాలన్నింటిలో కనబడేలా పెడుతున్నాను.

ఇప్పుడు లెక్క. ఇంగ్లీషు స్క్రిప్టులకు నిమిషానికి నూటయాభై మాటలు అని చెప్పే లెక్కను తెలుగుకు వాడకండి. మన మాటలు పొడవు. "నడిపించవచ్చు" అనేది మనకు ఒక్క మాట, అక్కడ అదే మూడు నాలుగు మాటలు. వంటింట్లో నిలబడి వినేవారికి అర్థమయ్యేలా చదివితే నాకు తెలుగులో నిమిషానికి వంద మాటలకు మించి రావు. పైగా చేతి పని చూపించేటప్పుడు మాట ఆగాలి. ప్లగ్గు తీసేటప్పుడు, బటన్ నొక్కేటప్పుడు, జార్ బిగించేటప్పుడు తలా రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం కావాలి. అందుకే రెండు నిమిషాల్లోపు వీడియోకు నూట ముప్పై మాటలు దాటనివ్వను. దాటితే చదివే వేగం పెంచి సర్దుకుందామని అనిపిస్తుంది. అలా మాత్రం చేయకండి, ఒక వాక్యం తీసేయండి.

కింద ఉన్నది మినప్పిండి రుబ్బుతుండగా ఆగిన మిక్సీని తీసుకుని రాసిన స్క్రిప్టు. మాటలు దాదాపు నూట పాతిక, వీడియో 1 నిమిషం 52 సెకన్లు. పది నిమిషాలు అన్నచోట మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న సమయమే పెట్టండి. జార్ ఎంత వరకు నింపవచ్చో కూడా అలాగే.

0:00 – 0:10
చిత్రం: మిక్సీ తిరుగుతోంది. చప్పుడు బరువెక్కి టక్కున ఆగుతుంది. రెండు సెకన్ల నిశ్శబ్దం.
మాట: "రుబ్బుతూ ఉండగా మిక్సీ ఆగిపోయిందా? మోటారు కాలిపోకుండా అదే ఆగి ఉంటుంది. దాన్ని ఇంట్లోనే మళ్లీ నడిపించవచ్చు."

0:10 – 0:20
చిత్రం: గోడ స్విచ్ ఆపుతున్న చెయ్యి. కింద ఫోను నంబరు.
మాట: "కాలిన వాసన గాని పొగ గాని వస్తే మాత్రం ఇవేమీ చేయకండి. గోడ దగ్గర స్విచ్ ఆపేసి, మాకు ఫోన్ చేయండి."

0:20 – 0:34
చిత్రం: మిక్సీ స్విచ్ సున్నా మీదికి. గోడ స్విచ్. ప్లగ్గు బయటికి వచ్చి మిక్సీ పక్కన బల్ల మీద.
మాట: "ముందు మిక్సీ స్విచ్‌ను సున్నా మీదికి తిప్పండి. గోడ దగ్గర స్విచ్ ఆపండి. ప్లగ్గు బయటికి లాగండి. ప్లగ్గు తీయకుండా తర్వాతి పని చేయవద్దు."

0:34 – 0:50
చిత్రం: జార్ లోపలికి పైనుంచి. గరిటెతో పిండి తీయడం, నీళ్లు పోయడం.
మాట: "జార్ తీసి మూత తెరవండి. సగానికి మించి ఉంటే, మించిన పిండి తీసేయండి. పిండి గట్టిగా ఉంటే కొంచెం నీళ్లు పోసి గరిటెతో కలపండి."

0:50 – 1:02
చిత్రం: గోడ గడియారం. తెర నిండా "10 నిమిషాలు ఆగండి".
మాట: "ఇప్పుడు పది నిమిషాలు ఆగండి. లోపల వేడి తగ్గితేనే బటన్ నిలుస్తుంది. ఆ తర్వాత చేయాల్సినవి మూడే పనులు."

1:02 – 1:20
చిత్రం: మిక్సీని పక్కకు వాల్చడం. బటన్ దగ్గరగా. వేలు నొక్కుతుంది, టక్కుమన్న చప్పుడు. మాట లేదు, మూడు సెకన్లు.
మాట: "ఒకటి. మిక్సీని మెల్లగా పక్కకు వాల్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్‌ను టక్కుమనే దాకా నొక్కండి."

1:20 – 1:28
చిత్రం: జార్ కూర్చోబెట్టి తిప్పి బిగించడం.
మాట: "రెండు. మిక్సీని నిలబెట్టి, జార్‌ను గట్టిగా బిగించండి."

1:28 – 1:38
చిత్రం: ప్లగ్గు, గోడ స్విచ్, మిక్సీ స్విచ్ ఒకటో నంబరు. మిక్సీ తిరుగుతుంది.
మాట: "మూడు. ప్లగ్గు పెట్టి, ఒకటో నంబరు మీద నడపండి. తిరగడం మొదలయ్యాక వేగం పెంచండి."

1:38 – 1:52
చిత్రం: ఫోను నంబరు, పెద్ద అంకెల్లో, చివరి దాకా.
మాట: "మళ్లీ ఆగిపోతే, ఇంకొక్కసారి మాత్రమే ఇలా చేయండి. మూడోసారి కూడా ఆగితే బటన్ నొక్కవద్దు. తెర మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి."

ఇందులో కొన్ని నిర్ణయాలకు కారణం చెప్పాలి. లేకపోతే మీ పై అధికారులు అడిగినప్పుడు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి చేరతాయి.

కాలిన వాసన సంగతి చాలామంది చివర పెడతారు. నేను పదో సెకనులో పెట్టాను. పొగ వస్తున్న మిక్సీ ముందు నిలబడిన మనిషి రెండు నిమిషాలు వీడియో చూస్తూ కూర్చోకూడదు. ఈ వీడియో తమకు కాదని ఆ మనిషికి వెంటనే తెలియాలి. అక్కడ ప్లగ్గు లాగమని చెప్పకుండా గోడ స్విచ్ ఆపమనే చెప్పాను, గమనించండి. పొగ వస్తున్నప్పుడు మిక్సీ దగ్గరికి చెయ్యి పోకుండా చేయగలిగే పని అదే. కొత్త మిక్సీ మొదటి కొన్నిసార్లు నడిపినప్పుడు మోటారు చుట్ల మీది వార్నిష్ వేడెక్కి కొద్దిగా వాసన వస్తుంది, దానికి భయపడేవారూ ఉంటారు. ఆ తేడా వీడియోలో చెప్పబోతే ఇరవై సెకన్లు పడుతుంది, పైగా నిజంగానే మిక్సీ కాలుతున్నవారు కూడా "కొత్తది కదా" అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. వాళ్లు ఫోన్ చేయనివ్వండి. ఎన్ని రోజులైంది కొని, పొగ కనిపించిందా అని రెండు ప్రశ్నలతో మీరు తేల్చేయగలరు.

పది నిమిషాల ఆగడం ఈ స్క్రిప్టులో అన్నిటికంటే కష్టమైన చోటు. రెండు నిమిషాల వీడియో మధ్యలో పది నిమిషాల విరామం ఉంది. చూసేవారు ఏం చేస్తారు? వీడియో ఆపి, పప్పు పోపు వేసి, పది నిమిషాల తర్వాత ఫోను తెరిస్తే వీడియో ఎక్కడో పోయి ఉంటుంది. అందుకే ఆగడానికి ముందు చేయగలిగే పనులన్నీ ముందే చేయించేశాను. పిండి తగ్గించడం, నీళ్లు పోయడం మోటారు చల్లబడే లోపు జరిగిపోతాయి. ఆగిన తర్వాత మిగిలినవి మూడే ఉండాలి: నొక్కడం, బిగించడం, నడపడం. మూడు పనులైతే వీడియో మళ్లీ చూడకుండానే గుర్తుంటాయి. "మూడే పనులు" అని ముందే చెప్పి, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టింది కూడా అందుకే. మిగతా స్క్రిప్టులో ఎక్కడా అంకెలు వేయలేదు. అన్నిటికీ వేస్తే ఏడో ఎనిమిదో అవుతాయి, ఏదీ గుర్తుండదు.

"ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్", "రీసెట్" అనే మాటలు స్క్రిప్టులో లేవు. ఫోన్ చేసే ఒక్కరు కూడా "నా ప్రొటెక్టర్ పడిపోయింది" అనరు. "ఆగిపోయింది", "కాలిపోయిందేమో", "కదలడం లేదు" అంటారు. వీడియో పేరు కూడా ఆ మాటలతోనే ఉండాలి: "రుబ్బుతూ ఉండగా మిక్సీ ఆగిపోయిందా?" అని. ప్రొటెక్టర్ అని పేరు పెడితే, ఆ పదం తెలిసినవారికే వీడియో దొరుకుతుంది, వాళ్లకేమో వీడియో అవసరం లేదు. మీ దగ్గర వారం రోజుల ఫోన్లు రాసి ఉంటే, మొదటి వాక్యంలో జనం వాడిన మాటలు మాత్రమే ఒక కాగితం మీద దించండి. మొదటి పది సెకన్ల మాట ఆ కాగితం నుంచే రావాలి.

తీసేయడానికి నాకు మనసొప్పనిది ఒకటి ఉంది. చివరకు తీసేశాను. జార్ బుష్ బిగుసుకుపోవడం. జార్ కడిగి తలకిందులుగా ఆరబెట్టకపోతే బ్లేడు కింద ఉన్న బుష్‌లోకి పచ్చడి, పిండి చేరి ఎండిపోతాయి. అప్పుడు జార్ ఖాళీగా ఉన్నా బ్లేడు బరువుగా తిరుగుతుంది, మోటారు మీద భారం పడుతుంది, బటన్ మళ్లీ మళ్లీ బయటికి వస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. జార్ ఖాళీ చేసి, బోర్లించి, అడుగున ఉన్న కప్లర్‌ను వేళ్లతో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే జార్ బాగున్నట్టు, పట్టేస్తే తప్పు జార్‌ది, మోటారుది కాదు. ఎంతో ఉపయోగపడే పరీక్ష. కానీ వీడియోలో పెడితే, పిండితో ఉన్న జార్‌ను ఖాళీ చేసి కడిగి బోర్లించమని అందరికీ చెప్పాల్సి వస్తుంది. అందరికీ అది అవసరం లేదు. అందుకే ఆ పరీక్షను ఫోన్ ఎత్తేవారి చేతిలో పెట్టాను. మూడోసారి ఆగిందని ఫోన్ వస్తే మొదటి ప్రశ్న "ఏ జార్ పెట్టినా ఆగుతోందా, ఒక్క జార్‌తోనే ఆగుతోందా?" అన్నది. ఒక్క జార్‌తోనే అంటే కప్లర్ తిప్పి చూడమనండి. చాలాసార్లు మనిషిని పంపకుండానే, జార్ మాత్రం తెచ్చి ఇవ్వమని చెప్పడంతో పని తేలిపోతుంది.

అన్ని జార్లతోనూ ఆగుతోందంటే మాత్రం ఇంట్లో చేయించే పని ఇంకేమీ లేదు. బటన్‌ను పదే పదే నొక్కించడం అంటే మోటారును కాపాడే ఏర్పాటును మనమే పనిచేయనివ్వకపోవడం. స్క్రిప్టులో "ఇంకొక్కసారి మాత్రమే" అన్న మాట అందుకు. బటన్‌ను వేలితో అదిమి పట్టుకుని నడిపిస్తున్నామని గర్వంగా చెప్పినవాళ్లు కూడా నాకు ఫోన్ చేశారు. ఏ వీడియోలోనూ అలాంటి ఆలోచన పుట్టేలా మాట ఉండకూడదు. "టక్కుమనే దాకా నొక్కండి" అంటే నొక్కి వదిలేయడం అని చేతి కదలికలో స్పష్టంగా కనబడాలి. వేలు వెనక్కి వచ్చి, బటన్ లోపలే ఉండటం ఒక సెకను చూపించండి.

చిత్రం గురించి ఎక్కువ చెప్పను. చూసేవారి ఒక చేతిలో ఫోను ఉంటుంది, రెండో చెయ్యి పిండితో ఉంటుంది. చాలామంది శబ్దం తగ్గించి చూస్తారు. కాబట్టి ప్రతి పనికీ తెర మీద నాలుగు మాటలకు మించకుండా అక్షరాలు ఉండాలి: "ప్లగ్గు తీయండి", "10 నిమిషాలు ఆగండి", "ఎర్ర బటన్ నొక్కండి". మాట్లాడిందంతా కింద పరుగెత్తించకండి, అది చదువుతూ చెయ్యి చూడలేరు. మాట్లాడే మనిషి ముఖం అక్కరలేదు. చేతులు, మిక్సీ చాలు. కెమెరా ఆ మనిషి భుజం మీదుగా చూసినట్టు ఉండాలి. ఎదురుగా పెడితే కుడి ఎడమలు తారుమారై, జార్ ఎటు తిప్పి బిగించాలో తికమక పడతారు.

మీ కంపెనీలో వేర్వేరు మోడళ్లు ఉంటే బటన్ ఉన్న చోటు వేరుగా ఉండవచ్చు. కొన్నిటికి అడుగున, కొన్నిటికి వెనక పక్క ఉంటుంది, రంగు కూడా ఎరుపే అని నమ్మకం లేదు. అన్ని మోడళ్లనూ ఒకే వీడియోలో చూపించాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మిగతా మాట అంతా ఒకటే ఉంచి, 1:02 నుంచి 1:20 దాకా ఉన్న ముక్క మాత్రం, అందులోని మాటతో సహా, ఒక్కో మోడల్‌కు వేరుగా తీసి, వేర్వేరు వీడియోలుగా పెట్టండి. ఖర్చు పెద్దగా పెరగదు. జార్ బిగించకపోతే మోటారు తిరగని ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. "జార్ లేకుండా ఒకసారి నడిపి చూడండి" అని స్క్రిప్టులో రాయకపోవడానికి కారణం అదే. ఆ మాట రాస్తే, బాగైన మిక్సీ కూడా బాగవలేదని అనుకుంటారు.

పూర్తయ్యాక పరీక్ష. ఆఫీసులో వాళ్లకు చూపించి "బాగుందా?" అని అడగడం పరీక్ష కాదు. మీ సర్వీసు మెకానిక్‌ను పక్కన పెట్టుకుని, గట్టి పిండితో ఒక మిక్సీని నిజంగానే ఆగేలా చేయండి. దాని ముందు, ఈ సంగతి ఎన్నడూ వినని ఒక మనిషిని నిలబెట్టి, ఫోనులో వీడియో ఇచ్చి, మీరు నోరు మెదపకుండా నిలబడండి. ముగ్గురితో చేస్తే చాలు. ఎక్కడ వీడియో వెనక్కి జరుపుతారో, ఎక్కడ మీ వైపు చూస్తారో రాసుకోండి. మా రెండో స్క్రిప్టును ఇలా పరీక్షించినప్పుడు ఒకావిడ మిక్సీని వాల్చకుండా, పూర్తిగా తలకిందులు చేసింది. జార్ కూర్చునే చోట మిగిలిన నీళ్లు బల్ల మీదికి ఒలికాయి. "పక్కకు వాల్చి" అన్న మాట, "మెల్లగా" అన్న మాట ఆ తర్వాత వచ్చి చేరినవే. అప్పటిదాకా "మిక్సీ అడుగున చూడండి" అని మాత్రమే రాశాను.

చిత్రీకరణకు కొత్త మిక్సీని డబ్బాలోంచి తీసి పెట్టకండి. ఎవరి ఇంట్లోనైనా రెండేళ్లు వాడినది తెచ్చుకోండి. రబ్బరు కాళ్ల చుట్టూ జిడ్డు, అడుగున ఎండిన పిండి మరకలు ఉన్న మిక్సీలో ఆ బటన్ అంత ఎర్రగా కనబడదు, వేలితో తడిమి వెతకాల్సి వస్తుంది. మీ కస్టమర్ ఇంట్లో ఉన్నది అలాంటి మిక్సీయే. ఆ వెతకడం కూడా రెండు సెకన్లు చూపించండి, 1:02 తర్వాత దానికి చోటు ఉంచాను.